పద్దెనిమిది వేలు ఇక్కడా అక్కడా ఒకటేనా?

ఇల్లందు సింగరేణికి పుట్టినిల్లు. 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది ఇక్కడే. బాయి పని దొరికిన మన తాతలు, తండ్రుల్లో చాలామందికి కంపెనీ క్వార్టర్ ఉండేది. అందుకే వాళ్ల జీతం లెక్కలో అద్దె అనే మాటే రాలేదు. ఇప్పుడు వాళ్ల మనవలు, మనవరాళ్లు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సో డిగ్రీనో చదివి ప్రైవేటు కొలువులకు పోతున్నారు. వాళ్లకు మాత్రం ఆ మాటే అన్నిటికంటే ముందు వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇల్లందు దళితవాడకు చెందిన ఒక అమ్మాయికి రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి ఖమ్మంలో, ఒకటి హైదరాబాద్‌లో. రెండు చోట్లా పద్దెనిమిది వేలే. కింద ఇచ్చిన ఖర్చులు మేము వేసుకున్న అంచనాలు. వాటి స్థానంలో మీ అంకెలు పెట్టుకుని చూడండి.

ముందుగా చేతికి ఎంత వస్తుందో చూడాలి. కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్‌ను కూడా కలిపి పద్దెనిమిది వేలు అని చెప్తుందేమో అడగాలి. అలా కలిపితే అసలు జీతం అంతకన్నా తక్కువ. అలాంటిదేమీ లేదనుకుందాం. బేసిక్ 12,000 అయితే అందులో 12 శాతం, అంటే 1,440 పీఎఫ్‌కు పోతుంది. ఈఎస్‌ఐకి 135, వృత్తి పన్నుకు 150 పోతాయి. చేతికి వచ్చేది 16,275. రెండు ఊళ్లూ తెలంగాణలోనే కాబట్టి ఇక్కడిదాకా తేడా ఏమీ లేదు.

తేడా ఆ తర్వాత మొదలవుతుంది. ఖమ్మం దాదాపు 45 కిలోమీటర్లు. ఇంటి నుంచే పోయి రావచ్చు. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. బస్టాండ్‌కు ఆటోలకు నెలకు 1,040, ఇంట్లో తిండికి అమ్మ చేతికి 3,000, ఫోను, సబ్బులు, చిల్లర ఖర్చులకు 1,500. మొత్తం 5,540. మిగిలేది 10,735.

హైదరాబాద్‌లో ముగ్గురు కలిసి ఉండే గదిలో తన వాటా, కరెంటు, నీళ్లతో కలిపి 5,000. తిండికి 4,000. సిటీ బస్సులో టికెట్ లేకపోయినా బస్సు రాని సందులకు షేర్ ఆటోలు, అప్పుడప్పుడు మెట్రో, ఊరికి వచ్చిపోయినప్పుడు చిల్లర కలిపి 1,000. ఫోను, చిల్లర ఖర్చులు అక్కడా 1,500. పరుపు, స్టవ్, గిన్నెలకు పెట్టిన ఆరు వేలను ఏడాదికి పంచితే నెలకు 500. మొత్తం 12,000. మిగిలేది 4,275. రేషన్ బియ్యం ఇంట్లో ఉంటుంది, తను మాత్రం కొనుక్కుని తింటుంది. తిండి ఖర్చు పెరగడానికి అదొక కారణం.

నెలకు తేడా 6,460. ఖమ్మంలో మిగిలేంతే హైదరాబాద్‌లోనూ మిగలాలంటే జీతం ఎంత ఉండాలి? బేసిక్ మార్చకుండా లెక్కేస్తే 24,375. అయితే ఇక్కడొక మెలిక ఉంది. జీతం 21,000 దాటితే సాధారణంగా ఈఎస్‌ఐ పరిధిలోకి రారు. కోత తగ్గుతుంది, కానీ తనకూ తన మీద ఆధారపడిన అమ్మానాన్నలకూ ఆ ఆస్పత్రి ఉండదు. ఆ ఖర్చును కూడా పక్కన రాసుకోవాలి.

అదే తమ్ముడైతే బస్సు టికెట్ కొనాలి. ఖమ్మానికి రోజూ రానుపోను 120 చొప్పున 26 రోజులకు 3,120. హైదరాబాద్‌లో సిటీ బస్సుకు, ఊరి ప్రయాణానికి ఇంకో 2,000. తేడా 5,340కి తగ్గుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరికి లెక్క ఒకటి కాదు. అందుకే ఆ ఊరిలో ఖర్చు ఇంత శాతం ఎక్కువ అని చెప్పే సూచీతో జీతాన్ని గుణిస్తే మనకు పనికొచ్చే జవాబు రాదు.

ఖమ్మం వైపు కూడా ఖర్చు ఉంది, డబ్బు రూపంలో కాదు. రోజుకు మూడు గంటల దాకా ప్రయాణం. డ్యూటీ రాత్రి తొమ్మిదికి దిగేదైతే ఖమ్మంలోనే గది తీసుకోక తప్పదు. అప్పుడు పై లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి.

ఊరిని బట్టి అద్దె మారుతుందని సర్కారుకు తెలుసు. కేంద్ర ఉద్యోగికి ఇంటద్దె భత్యం హైదరాబాద్‌లో బేసిక్‌లో 30 శాతం, చిన్న ఊళ్లలో 10 శాతం. ప్రైవేటు యజమాని అలా లెక్క కట్టి ఇవ్వాలని లేదు.

కులాన్ని బట్టి కూడా అద్దె మారుతుందని ఏ భత్యమూ లెక్కించదు. ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద సుఖదేవ్ థోరట్, ఆయన తోటి పరిశోధకులు చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. అందులో ఇల్లు అడిగిన దళితుల్లో 18 శాతం మందికి నేరుగా లేదన్నారు. 23 శాతం మందికి షరతులు పెట్టారు. పై కులాల వాళ్లలో ఒక్కరినీ కాదనలేదు. హైదరాబాద్‌లో 'మీరేమిట్లు' అన్న ప్రశ్న ఎదురైన మనవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఆఫీసు పక్క గది దక్కక దూరం పోతే ఆటో ఖర్చు పెరుగుతుంది. ఎక్కువ అద్దెకు ఒప్పుకుంటే ఆ ఖర్చు వేరే. నెలకు 1,500 అదనమైనా మిగిలే 4,275 కాస్తా 2,775 అవుతుంది.

ఇంకొకటి, మొదటి జీతం నెల తర్వాత గానీ రాదు. అడ్వాన్సు, మొదటి నెల అద్దె, సామాన్లు, తిండి కోసం 15,000 అప్పు తెస్తే, నూటికి మూడు రూపాయల వడ్డీ చొప్పున నెలకు 450 వడ్డీకే పోతుంది. అసలు తీరేదాకా అది కూడా అందులోంచే తీసెయ్యాలి.