నాలుగు పేర్లు, ఒక్క శనివారం

2003 జనవరి 25, శనివారం. మన గడియారంలో ఉదయం 11 కావస్తుండగా ‘స్లామర్’ అనే వార్మ్ ఇంటర్నెట్‌లోకి వచ్చింది. దాని మొత్తం సైజు 376 బైట్లు. ఈ పేరాలోని అక్షరాలకు పట్టే చోటైనా దానికి అక్కర్లేదు. అది దూరగలిగిన సర్వర్లలో 90 శాతాన్ని పది నిమిషాల్లో పట్టేసింది. కనీసం 75 వేల యంత్రాలు దాని బారిన పడ్డాయి. దక్షిణ కొరియాలో నెట్ స్తంభించింది. అమెరికాలో బ్యాంక్ ఆఫ్ అమెరికా ఏటీఎంలు వేల సంఖ్యలో డబ్బులివ్వడం మానేశాయి. అది దూరిన కన్నం మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 అనే డేటాబేస్‌లోది. ఆ కన్నాన్ని పూడ్చే ప్యాచ్ అప్పటికే ఆరు నెలలుగా అందుబాటులో ఉంది. మరి ఇన్ని యంత్రాలు ఎందుకు దొరికిపోయాయి? అప్‌డేట్ ప్రకటనల్లో కనిపించే నాలుగు మాటలు, అంటే సెక్యూరిటీ బులెటిన్, ప్యాచ్, హాట్‌ఫిక్స్, సర్వీస్ ప్యాక్, ఒకదానికొకటి ఎలా తేడానో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. ఆ నాలుగూ ఈ కథలో ఉన్నాయి మరి.

ముందొచ్చింది బులెటిన్. 2002 జులై 24న మైక్రోసాఫ్ట్ MS02-039 అనే ప్రకటన విడుదల చేసింది. 02 అంటే సంవత్సరం, 039 అంటే ఆ ఏడాదిలో ముప్పై తొమ్మిదోది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 1434 నంబరు పోర్టు దగ్గర కూర్చుని, ‘ఫలానా డేటాబేస్ ఎక్కడుంది?’ అని అడిగినవాళ్లకు దారి చూపిస్తుంటుంది. ఆ అడిగే సందేశాన్ని కావాలని పొడుగ్గా పంపితే, దానికి కేటాయించిన మెమరీ పొంగిపోయి, పంపినవాడి కోడ్ సర్వర్లో నడుస్తుంది. లోపం ఏమిటి, ఏ వెర్షన్లలో ఉంది, ఎంత ప్రమాదకరం, ప్యాచ్ ఎక్కడ దొరుకుతుంది అన్నవి బులెటిన్లో ఉంటాయి. ప్రమాదం ‘క్రిటికల్’ అని ఇందులో స్పష్టంగానే రాశారు. అయితే బులెటిన్ అనేది కాగితమే, సాఫ్ట్‌వేర్ కాదు. డాక్టరు రాసిచ్చిన చీటీని జేబులో పెట్టుకుంటే జ్వరం తగ్గదు కదా. మెయిల్లో బులెటిన్ వచ్చింది, చదివాం, ఫైల్లో పెట్టాం అనుకున్న ఆఫీసుల్లో సర్వర్ మాత్రం ఎప్పటిలాగే ఉండిపోయింది.

చీటీలో రాసిన మందు ప్యాచ్. ఒక లోపాన్ని సరిచేయడానికి అందరి కోసం విడుదల చేసే చిన్న సవరణ ఇది. MS02-039 ప్యాచ్ పని ముఖ్యంగా ఒక ఫైల్‌ను మార్చడం. దాని పేరు ssnetlib.dll. చెప్పుకోడానికి ఇంతే గానీ, చేయడానికి ఇబ్బంది ఉంది. అప్పట్లో దీనికి ఇన్‌స్టాలర్ లేదు. డేటాబేస్ సర్వీసును ఆపాలి, పాత ఫైల్‌ను పక్కన దాచాలి, కొత్తదాన్ని సరైన ఫోల్డర్లోకి చేత్తో కాపీ చేయాలి, మళ్లీ సర్వీసును లేపాలి. పైగా ఈ ప్యాచ్ సర్వీస్ ప్యాక్ 2 ఉన్న సర్వర్లకే. అది లేనివాళ్లు ముందు దాన్ని ఎక్కించుకోవాలి. యాభై సర్వర్లున్న సంస్థలో ఈ పని ఒక్కో సర్వర్‌కూ విడివిడిగా చేయాల్సిందే. వాయిదా వేసినవాళ్లను బద్ధకస్తులని తిట్టడం నాకు న్యాయంగా తోచదు.

ఇక హాట్‌ఫిక్స్ దగ్గరే అసలు చిక్కు. ఎవరో ఒక కస్టమర్‌కు ఫలానా ఇబ్బంది వచ్చి సపోర్ట్‌కు ఫోన్ చేస్తే, ఆ ఇబ్బంది కోసమే తొందరగా చేసిచ్చేది హాట్‌ఫిక్స్. మిగతా వ్యవస్థ అంతటితో కలిపి దీన్ని పూర్తిగా పరీక్షించి ఉండరు. అందుకే అప్పటి మైక్రోసాఫ్ట్ హాట్‌ఫిక్స్ నోట్లలో, ఈ సమస్య మిమ్మల్ని గట్టిగా బాధించకపోతే వచ్చే సర్వీస్ ప్యాక్ దాకా ఆగండి అనే సలహా మామూలుగా కనిపించేది. ఆ రోజుల్లో 317748 అనే నంబరుతో ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు ఒక హాట్‌ఫిక్స్ ఉండేది. ప్రోగ్రాములు పదే పదే కనెక్ట్ అవుతూ, తెంచుకుంటూ ఉంటే సర్వర్ తన వనరులను కొద్దికొద్దిగా పోగొట్టుకునే సమస్యకు అది పరిష్కారం. భద్రతతో దానికి సంబంధం లేదు.

అదే అక్టోబరులో MS02-061 అనే మరో బులెటిన్ వచ్చింది. పాత ప్యాచ్‌లో ఉన్నదంతా దీని ప్యాచ్‌లోనూ ఉంది. కానీ ఆ హాట్‌ఫిక్స్ ఇందులో కలవలేదు. సర్వర్ సరిగా నడవాలంటే దాన్ని విడిగా వేసుకోవాల్సి వచ్చింది. ఇక్కడే బులెటిన్లో ఒక హెచ్చరిక ఉంది: ముందు ప్యాచ్ వేసి, తర్వాత హాట్‌ఫిక్స్ వేస్తుంటే, ఫైళ్ల మీద రాసేయమంటారా అని కంప్యూటర్ అడిగినప్పుడు ‘నో’ అనాలి. ‘యస్’ నొక్కితే ప్యాచ్ తెచ్చిన కొత్త ఫైళ్ల మీద హాట్‌ఫిక్స్ ఫైళ్లు కూర్చుంటాయి. ఒక సమస్య తీరుతుంది, పూడ్చిన కన్నం మళ్లీ తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు అడిగినదానికల్లా ‘యస్’ కొట్టుకుంటూ పోవడం మనందరి అలవాటే.

ఈ గజిబిజి లేకుండా చేసేదే సర్వీస్ ప్యాక్. అంతకుముందు వచ్చిన ప్యాచ్‌లు, హాట్‌ఫిక్స్‌లు, పాత సర్వీస్ ప్యాక్‌లు అన్నీ ఒకచోట చేర్చి, కలిపి పరీక్షించి ఇచ్చే పెద్ద మూట. సర్వీస్ ప్యాక్ 3 వేసుకుంటే 1, 2 విడిగా వేసుకోనక్కర్లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 సర్వీస్ ప్యాక్ 3 వచ్చింది 2003 జనవరి 17న, స్లామర్‌కు ఎనిమిది రోజుల ముందు. కానీ ఇంత పెద్ద మార్పును ఏ బ్యాంకూ వచ్చిన వారంలోనే అసలు సర్వర్ మీద పెట్టదు. ముందు టెస్ట్ సర్వర్లో పెట్టి, తమ ప్రోగ్రాములు నడుస్తున్నాయో లేదో చూసుకుంటుంది. ఆ జాగ్రత్త సరైనదే, ఈసారి మాత్రం గడువు చాల్లేదు.

తమ సర్వర్ ఏ స్థితిలో ఉందో తెలుసుకోవాలనుకున్నవాళ్లు ఈ ప్రశ్న వేసేవారు:

```
SELECT SERVERPROPERTY('ProductLevel')
```

జవాబు SP3 అని వస్తే నిశ్చింత. SP2 అని వస్తే ఏమీ తేలనట్టే. ప్యాచ్ వేసిన SP2, వేయని SP2 రెండూ అదే జవాబిస్తాయి, ఎందుకంటే ఇది సర్వీస్ ప్యాక్ మట్టాన్నే చెబుతుంది. అప్పుడు ssnetlib.dll దగ్గరికే వెళ్లి, దాని ప్రాపర్టీస్‌లో వెర్షన్ నంబరు చూడాలి. మరో తిరకాసు కూడా ఉంది. ఇదే డేటాబేస్ చిన్న రూపంలో, ఎంఎస్‌డీఈ పేరుతో, వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్లలో కలిసి వచ్చేది. తమ కంప్యూటర్లో డేటాబేస్ ఉందనే తెలియనివాళ్లు ఆ బులెటిన్ తమకోసమని ఎలా అనుకుంటారు?

స్లామర్ డిస్కు మీద ఏమీ రాయలేదు, మెమరీలోనే బతికింది. రీస్టార్ట్ చేస్తే పోయేది, కానీ ప్యాచ్ లేకపోతే నిమిషాల్లో తిరిగొచ్చేది. అందుకే 1434 పోర్టును ఫైర్‌వాల్ దగ్గర మూసి, ఆ తర్వాతే సర్వర్లను బాగుచేసుకున్నారు. మర్నాడు, జనవరి 26న, మైక్రోసాఫ్ట్ MS02-061ను మళ్లీ విడుదల చేసింది. ఈసారి ఇన్‌స్టాలర్ ఉంది.

ఆ పేర్లలో కొన్ని ఇప్పుడు పాతబడ్డాయి. విండోస్‌కు చివరి సర్వీస్ ప్యాక్ 2011లో విండోస్ 7కు వచ్చింది. MS నంబర్ల బులెటిన్లు 2017లో ఆగిపోయి, వాటి చోట ఒక్కో లోపానికి ఒక్కో సీవీఈ నంబరు ఉండే సెక్యూరిటీ అప్‌డేట్ గైడ్ వచ్చింది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 2017 వెర్షన్ నుంచి సర్వీస్ ప్యాక్‌లు లేవు, క్యుములేటివ్ అప్‌డేట్లే ఉన్నాయి. మన దేశంలో సెర్ట్-ఇన్ విడుదల చేసే హెచ్చరికలు బులెటిన్ కోవకు చెందినవి. అవి ఏం చేయాలో చెబుతాయి, ప్యాచ్‌ను ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీ దగ్గరే తెచ్చుకోవాలి.