బుగ్గన పెట్టుకున్న బిళ్ళ

గొంతు గరగరమంటే మెడికల్ షాపుదాకా వెళ్ళే పనే లేదు. కిరాణా కొట్లో, పాన్ డబ్బాలో, బస్టాండు బడ్డీకొట్టులో ఎక్కడ చూసినా సీసాల నిండా దగ్గు బిళ్ళలే. చిల్లర లేదని కొట్టతను రూపాయికి బదులు చేతిలో పెట్టేదీ చాలాసార్లు వీటినే. అందుకే అది మందో చాక్లెట్టో ఎవరూ పట్టించుకోరు. నిజానికి అది రెండూనూ. పైగా అందులో చాక్లెట్టు పాలే ఎక్కువ.

ప్యాకెట్టు వెనక అచ్చువేసిన సన్నక్షరాలు చూడండి. మెంథాల్ ఇన్ని మిల్లీగ్రాములు, నీలగిరి తైలం ఇంత అని లెక్కగా రాసి ఉంటుంది. చివర్లో మాత్రం ‘షుగర్ బేస్, క్యూ.ఎస్.’ అని ఉంటుంది. క్యూ.ఎస్. అంటే ‘కావలసినంత’ అని. సుమారు రెండున్నర గ్రాములు తూగే మామూలు బిళ్ళలో మందు మిల్లీగ్రాముల్లోనే ఉంటుంది. మిగతాదంతా పాకం పట్టి గట్టిపరచిన పంచదార, గ్లూకోజు.

అలాగని అది ఉత్తుత్తి ఉపశమనం అనుకోకూడదు. బిళ్ళ బుగ్గన పెట్టుకోగానే లాలాజలం ఊరుతుంది. జలుబులో ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీలుస్తాం కాబట్టి గొంతు ఎండిపోయి ఉంటుంది. చిక్కటి తియ్యటి లాలాజలం దాన్ని తడిపి, వాచిన పొరమీద పూతలా పరుచుకుంటుంది. సగం హాయి అక్కడే దొరుకుతుంది, ఇంకా మందు సంగతికి రాకముందే. అందుకే బిళ్ళను మింగకూడదు, పటపటా కొరికెయ్యకూడదు. చప్పరిస్తూ పది నిమిషాలు నోట్లో ఉంచుకుంటేనే అది పనిచేస్తుంది.

ఇక మెంథాల్. మన పెద్దలు పుదీనా పువ్వు అనేది దీన్నే. నోట్లో వేసుకోగానే ముక్కు తెరుచుకున్నట్టు, గాలి చల్లగా లోపలికి పోతున్నట్టు ఉంటుంది. కానీ ముక్కులోంచి వెళ్ళే గాలిని పరికరాలతో కొలిచి చూస్తే తేడా ఏమీ కనిపించలేదు. మెంథాల్ చేసేదల్లా చలిని పసిగట్టే నరాల కొసలను తట్టిలేపడమే. ఆ నరాల్లో చలికి, మెంథాల్‌కి ఒకేలా స్పందించే ద్వారం ఒకటుందని డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ 2002లో విడివిడిగా కనుక్కున్నారు. వేడి, చలి, స్పర్శ మనకెలా తెలుస్తాయన్న పరిశోధనకే 2021లో ఆ ఇద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అంటే ముక్కు దిబ్బడ ఎక్కడిదక్కడే ఉంటుంది, మనకు మాత్రం తగ్గినట్టు తోస్తుంది. రాత్రి కాస్త కునుకు పట్టడానికి ఆ భ్రమ కూడా పనికొచ్చేదే.

మెడికల్ షాపులో స్ట్రిప్పుల్లో అమ్మే రంగు రంగుల బిళ్ళల్లో డైక్లోరోబెంజైల్ ఆల్కహాల్, అమైల్‌మెటాక్రెసాల్ అనే రెండు మందులుంటాయి. ఇవి క్రిములను చంపే రకమని పేరే గానీ, మనకు తెలిసేది వాటి ఇంకో గుణం: గొంతును కొద్దిగా తిమ్మిరెక్కిస్తాయి. ఆ కాసేపు మింగుతుంటే నొప్పి తగ్గుతుంది. జలుబు మాత్రం ఒక్కరోజు కూడా ముందు తగ్గదు. అతిమధురం, శొంఠి, మిరియాలు కలిపిన బిళ్ళల పనీ గొంతుకు హాయినివ్వడమే. ఒకటే జాగ్రత్త: బీపీ ఉన్నవాళ్ళు అతిమధురం బిళ్ళలను రోజూ నెలల తరబడి చప్పరించకూడదు, అది బీపీని పెంచుతుంది.

ఇప్పుడు చక్కెర లెక్క చూద్దాం. రెండు మూడు గంటలకొకటి చొప్పున రోజుకు ఎనిమిది బిళ్ళలు వేసుకున్నారనుకోండి. దాదాపు 20 గ్రాములు, అంటే నాలుగు చెంచాల పంచదార. పైనుంచి కలుపుకునే చక్కెర రోజంతటికీ 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. షుగరు జబ్బున్నవాళ్ళు కాఫీలో చక్కెర మానేసి బిళ్ళలను లెక్కలో వెయ్యకపోతే ఏం లాభం?

పళ్ళకు మాత్రం ఎంత తిన్నామన్నదానికన్నా ఎంతసేపు తిన్నామన్నదే ముఖ్యం. ఒక లడ్డూ రెండు నిమిషాల్లో కడుపులోకి పోతుంది. బిళ్ళ పది నిమిషాలు పళ్ళను తియ్యగా తడుపుతూనే ఉంటుంది. నోట్లోని బాక్టీరియా ఆ చక్కెరతో తయారుచేసే ఆమ్లం ఆ తర్వాత ఇంకో అరగంట దాకా పంటిమీద ఉంటుంది. ఎనిమిది బిళ్ళలంటే రోజులో ఐదు గంటలపాటు పళ్ళు ఆమ్లంలో నానినట్టే. అన్నిటికన్నా చెడ్డది పడుకోబోతూ బుగ్గన పెట్టుకునే ఆఖరి బిళ్ళ. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి ఆ ఆమ్లాన్ని కడిగేవాళ్ళుండరు. షుగర్‌ఫ్రీ రకాలు పళ్ళకు మేలే. వాటిలోని ఐసోమాల్ట్, సార్బిటాల్ లాంటివి ఎక్కువైతే మాత్రం కడుపుబ్బరం, విరేచనాలు తప్పవు.

పెద్దవాళ్ళ సంగతి ఇంతవరకే. మూడేళ్ళవాడు దగ్గుతుంటే అమ్మమ్మ బిళ్ళను పంటితో రెండు చేసి, “అరముక్కేగా అమ్మాయ్, చప్పరిస్తాళ్లే” అంటుంది. ఆ అరముక్కతోనే అసలు భయం. అలాంటి పిల్లల శ్వాసనాళం వాళ్ళ చిటికెన వేలంత సన్నంగా ఉంటుంది. నిండు బిళ్ళ గొంతు ద్వారం దగ్గర ఇరుక్కుంటే, ముక్క ఇంకా కిందికి జారగలదు. నమిలే దవడ పళ్ళు ఆ వయసుకు వచ్చీరాక ఉంటాయి, మింగడానికీ ఊపిరి పీల్చడానికీ పొత్తు ఇంకా సరిగా కుదరదు. పైగా వాడికి జలుబు. ముక్కు మూసుకుని నోటితోనే ఊపిరి పీలుస్తున్నాడు. దగ్గు వచ్చే ముందు ఎవరైనా ఒక్కసారి గట్టిగా గాలి లోపలికి లాగుతారు. లాలాజలంతో నున్నబడిన బిళ్ళ సరిగ్గా ఆ గాలితోపాటే వెళ్ళిపోతుంది. ఏ పిల్లవాడికి బిళ్ళ అవసరమని అనుకుంటామో, అది గొంతుకు అడ్డంపడే అవకాశం వాడికే ఎక్కువ.

అందుకే నాలుగేళ్ళ లోపు గట్టి బిళ్ళలు, గట్టి చాక్లెట్లు అసలు వద్దంటారు పిల్లల డాక్టర్లు. చాలా గొంతు బిళ్ళల ప్యాకెట్ల మీద ఆరేళ్ళు దాటాకే అని ఉంటుంది. ఆరేళ్ళు దాటినా పరుగెడుతూ, పడుకుని, నవ్వుతూ చప్పరించనివ్వకూడదు. బెంజోకైన్ అనే మత్తుమందు కలిపినవి పసివాళ్ళకు ఇంకో రకంగా ప్రమాదం. వాటివల్ల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిపోవచ్చు. ఏడాది దాటిన పిల్లలకు దగ్గుకు అరచెంచా తేనె, గోరువెచ్చని నీళ్ళు చాలు. ఏడాది లోపు తేనె కూడా పెట్టకూడదు.

ఒకవేళ అడ్డంపడితే? ఏడుస్తున్నాడు, గట్టిగా దగ్గుతున్నాడు అంటే గాలి ఆడుతున్నట్టే, దగ్గనివ్వండి. గొంతు పెగలక, శబ్దం రాక, పెదవులు నీలిబడుతుంటే ఒక్క క్షణం ఆగకూడదు. మనకు అలవాటైనట్టు నెత్తిన తట్టడం, నీళ్ళు తాగించడం, నోట్లో వేలుపెట్టి కెలకడం పనికిరావు. వేలు బిళ్ళను ఇంకా లోపలికి తోసేస్తుంది. పిల్లవాణ్ణి ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా చరచాలి. రాకపోతే వెనకనుంచి చేతులు చుట్టి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. బిళ్ళ బయటపడేదాకా ఒకదాని తర్వాత ఒకటి చేస్తూ, పక్కనున్నవాళ్ళ చేత 108కి ఫోన్ చేయించాలి. స్పృహ తప్పితే కింద పడుకోబెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ఏడాది లోపు పసివాళ్ళకు పొట్ట నొక్కకూడదు. తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు చరచాలి, తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఎముక మీద నొక్కాలి.

పొట్ట నొక్కి తీసినవాణ్ణి ఆడుకుంటున్నాడు కదా అని వదిలెయ్యకుండా డాక్టరుకు చూపించాలి, లోపల దెబ్బ తగిలిందేమో తెలియదు. కక్కిన ముక్క మొత్తం బిళ్ళ కాదనిపించినా, ఆ తర్వాత దగ్గు ఆగకపోయినా, ఊపిరిలో పిల్లికూతలు వినిపించినా ఎక్స్‌రే బాగుందన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. చక్కెర ముక్క ఎక్స్‌రేలో కనపడదు. బిళ్ళ అడ్డంపడిన సంగతి డాక్టరుకు ముందే చెబితే, అవసరమైతే సన్నటి గొట్టంతో ఊపిరితిత్తుల్లోకి చూస్తారు.