చీకటి పడితే చాలు, గేటు కెమెరా పోతుంది

పగలంతా బాగానే ఉంటుంది. చీకటి పడగానే గేటు కెమెరా బొమ్మ పోతుంది. రెండు నిమిషాలకు వస్తుంది, కాసేపటికే మళ్లీ పోతుంది. తెల్లారేసరికి దానంతటదే బాగుపడుతుంది. టెక్నీషియన్ వచ్చేది పగలు కాబట్టి, "ఇప్పుడు బానే ఉంది కదండీ" అని వెళ్లిపోతాడు. రెండోసారి పిలిస్తే కెమెరా మార్చమంటాడు. కొత్తదీ అదే వరస!

ఈ కెమెరాలకు వేరే కరెంటు తీగ ఉండదు. వీడియో వచ్చే నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటూ వెళ్తుంది. దీన్నే పవర్ ఓవర్ ఈథర్నెట్, పొట్టిగా పీవోఈ అంటారు. కేబుళ్లన్నీ వచ్చి చేరే స్విచ్ అనే పెట్టె దగ్గర నుంచే కరెంటు పంపకం జరుగుతుంది. గొడవ చాలాసార్లు మొదలయ్యేదీ అక్కడే.

ఒక అపార్ట్‌మెంట్ లెక్క చూద్దాం. ఎనిమిది పోర్టుల స్విచ్, ఆరు మామూలు కెమెరాలు, గేటు దగ్గర అటూ ఇటూ తిరిగే పెద్ద కెమెరా ఒకటి. మామూలు కెమెరా పగలు 4 వాట్లు తీసుకుంటుంది, పెద్దది 9. మొత్తం 33 వాట్లు. స్విచ్ పెట్టె మీద ఒక్కో పోర్టు 30 వాట్ల దాకా ఇస్తుందని రాసి ఉంది. ఎనిమిది ముప్పైలు 240 కదా అని కొన్నవాళ్ల ధీమా. కానీ అదే పెట్టె మీద ఓ మూల చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది: అన్ని పోర్టులకూ కలిపి 60 వాట్లు. దాన్ని పవర్ బడ్జెట్ అంటారు.

రాత్రి కాగానే కెమెరాల్లో ఐఆర్ లైట్లు వెలుగుతాయి. మామూలు కెమెరా ఒక్కొక్కటి 8.5 వాట్లకు, గేటు కెమెరా 18కి పెరుగుతాయి. మొత్తం 69. స్విచ్ దగ్గర ఉన్నది 60 కాబట్టి ఎవరో ఒకరికి కోత పెట్టాలి. చాలా స్విచ్‌లలో ఒకటో పోర్టుది ముందు వరస, ఎనిమిదోది ఆఖరు. గేటు కెమెరా ఎనిమిదో పోర్టులో ఉంది. కరెంటు కోస్తారు, లోడు తగ్గుతుంది, స్విచ్ మళ్లీ ఇస్తుంది. కెమెరా లేచి లైట్లు వేసుకోగానే మళ్లీ కోత.

అనుమానం తీర్చుకోవడానికి ఖర్చేమీ లేదు. గేటు కెమెరాను ఒకటో పోర్టుకు మార్చాలి. ఇక్కడ మార్చిన రాత్రి గేటు కెమెరా నిలబడింది, ఏడో పోర్టులోని పార్కింగ్ కెమెరా ఆగడం మొదలుపెట్టింది. జబ్బు పోర్టు వెంట నడిస్తే తప్పు కెమెరాది కాదు, బడ్జెట్‌ది. 120 వాట్ల స్విచ్ పెడితే ఈ చిక్కు తీరుతుంది.

అన్నిచోట్లా బడ్జెట్టే కారణమనుకోకూడదు. పోర్టుకూ ఓ హద్దుంది. 2003 నాటి 802.3af పద్ధతి పోర్టు 15.4 వాట్లే ఇస్తుంది. దారి నష్టం పోను కెమెరాకు ఖాయంగా అందేది 12.95. 2009 నాటి 802.3at అయితే పోర్టు దగ్గర 30, కెమెరా దగ్గర 25.5. పాత af పోర్టుకు పెద్ద కెమెరా తగిలిస్తే అసలు లేవకపోవచ్చు, లేదా పగలు నడిచి రాత్రి పడిపోవచ్చు. స్విచ్ మీద ఆ ఒక్క కెమెరానే ఉంచినా పడిపోతుంటే అప్పుడు పోర్టును, కేబుల్‌ను అనుమానించాలి.

మన అపార్ట్‌మెంట్‌లో కేబుల్ వంతు కూడా వచ్చింది. కొత్త స్విచ్ పెట్టాక గేటు కెమెరా రాత్రంతా నిలిచింది, కానీ వేగంగా తిప్పినప్పుడు మాత్రం ఆగేది. తిరిగేటప్పుడు అది 22 వాట్లు లాగుతుంది. కేబుల్ పొడవు 85 మీటర్లు. 100 మీటర్ల హద్దు లోపలే. తేడా పొడవులో లేదు, లోహంలో ఉంది. చవకగా దొరికే కేబుళ్లలో తీగ అల్యూమినియం, పైన రాగి పూత మాత్రమే. అసలు రాగి తీగ కంటే దాని నిరోధం సుమారు 55 శాతం ఎక్కువ. స్విచ్ 48 వోల్టులు పంపితే, 22 వాట్ల లోడు మీద రాగి కేబుల్ చివర 44 వోల్టుల దాకా మిగులుతాయి. ఈ పూత కేబుల్ చివర 41 చిల్లరే. ఈ తరగతి కెమెరాకు కావలసిన కనీసం 42.5.

దీనికీ తేలిక పరీక్ష ఉంది. కెమెరా విప్పి స్విచ్ పక్కకే తెచ్చి, రెండు మీటర్ల మంచి కేబుల్‌తో కలిపి, గది చీకటి చేసి తిప్పి చూడాలి. అక్కడ ఆగకుండా నడిస్తే దోషం దారిలోనే ఉన్నట్టు: కేబుల్‌లోనో, చివర సరిగా నొక్కని ప్లగ్‌లోనో. కొన్ని స్విచ్‌లలో 250 మీటర్ల దాకా పంపే ఎక్స్‌టెండ్ మీట ఉంటుంది. అది డేటా వేగాన్ని 10 ఎంబీపీఎస్‌కు తగ్గిస్తుందే తప్ప తీగలో పోయే వోల్టులను వెనక్కి తేదు.

కొత్త కేబుల్ కొనేటప్పుడు షాపులోనే ఒక తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం.