గళ్ళన్నీ ఒకటి కావు

బట్టల కొట్లో ‘చెక్స్’ అని అడిగితే జింగమ్, హౌండ్స్‌టూత్, టార్టన్ అన్నీ కలిపి ముందు పరుస్తారు. ఆన్‌లైన్ అమ్మకాల్లోనూ అంతే. ఒకదాని పేరు పెట్టి ఇంకొకటి పంపిస్తారు. పేర్లు తెలియక కాదు, ఆ పేర్లు దేన్నిబట్టి వచ్చాయో చూడక ఈ తికమక వస్తుంది. గడి సైజు, రంగు కాసేపు పక్కన పెట్టి దారం నడకను గమనిస్తే ఏది ఏదో తేలిపోతుంది.

మగ్గం మీద నిలువుగా సాగేది పడుగు, అడ్డంగా పోయేది పేక. పడుగులో నాలుగు నల్ల దారాలు, నాలుగు తెల్ల దారాలు, మళ్ళీ నాలుగు నలుపు, నాలుగు తెలుపు చొప్పున ఎక్కించామనుకుందాం. పేకనూ అదే వరుసలో నేస్తాం. దారం అదే, లెక్క అదే. నేత ఒక్కటి మారిస్తే రెండు వేరు వేరు గుడ్డలు వస్తాయి.

మొదట సాదా నేత. పేక ఒక పడుగు దారం మీదుగా, తర్వాతి దారం కిందుగా పోతుంది. నలుపు మీద నలుపు పడ్డచోట నల్ల గడి, తెలుపు మీద తెలుపు పడ్డచోట తెల్ల గడి వస్తాయి. నలుపు తెలుపుతో కలిసిన చోట చుక్క వదిలి చుక్కగా రెండూ కనిపిస్తాయి కాబట్టి దూరం నుంచి అది బూడిద రంగు. ఇదే జింగమ్. గడుల అంచులు నిటారుగా ఉంటాయి, చతురస్రాలు సమానంగా ఉంటాయి. రంగులు రెండే వాడినా కంటికి మూడు ఛాయలు కనిపిస్తాయి: నిండు రంగు, తెలుపు, ఆ రెంటి మధ్యది. ఆ మధ్య ఛాయ లేకుండా నలుపు తెలుపు గడులు మాత్రమే పక్కపక్కన ఉంటే అది చదరంగం గడి, జింగమ్ కాదు. అసలు జింగమ్‌ను తిరగేసినా అలాగే ఉంటుంది, ఎందుకంటే రంగు దారానిది.

ఇప్పుడు అదే దారాలతో ట్విల్ నేత నేద్దాం. జీన్స్ మీద ఏటవాలు గీతలు తెచ్చేది ఈ నేత కుటుంబమే. మనకు కావలసిన రకంలో పేక రెండు పడుగు దారాల మీదుగా, రెండింటి కిందుగా పోతుంది. తర్వాతి వరుస ఒక్క దారం పక్కకు జరిగి మొదలవుతుంది. ఇలా జరుగుతూ పోవడంతో మెట్ల వరుసలాంటి వాలు గీత ఏర్పడుతుంది. నిండు నలుపు, నిండు తెలుపు గడుల్లో ఆ వాలు కనబడదు, రెండు దారాలూ ఒకే రంగు కాబట్టి. రంగులు కలిసిన గడిలో మాత్రం అది బయటపడి నల్ల పట్టీ, తెల్ల పట్టీ ఏటవాలుగా పోతాయి. ఆ పట్టీలు పక్కనున్న నిండు గడులకు అతుక్కుని కొక్కేల్లాంటి కొసలవుతాయి. చతురస్రం విరిగి నాలుగు మూలల్లో కొసలు సాగిన ఈ ఆకారమే హౌండ్స్‌టూత్. నల్ల ఆకారం ఎలా ఉందో, దాన్ని ఆనుకున్న తెల్ల ఆకారమూ అలాగే ఉంటుంది. రెండూ ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి, మధ్యలో ఖాళీ అనేది మిగలదు. ఇది దాన్ని గుర్తించే సులువైన పరీక్ష.

నాలుగు దారాల లెక్క ఇక్కడ ముఖ్యం. అదే నేతలో ఎనిమిదేసి దారాలు వేస్తే కలిసిన గడిలో వాలు గీతలు ఎక్కువైపోతాయి, స్పష్టమైన కొస రాదు. స్కాట్లాండ్ దక్షిణ ప్రాంతాల్లో కాపరులు కప్పుకున్న ఉన్ని దుప్పట్ల గడి ఇలాంటిదే. హౌండ్స్‌టూత్ ఆ కుటుంబంలోదే.

టార్టన్ కూడా ట్విల్ నేతే, స్కాట్లాండ్‌దే. తేడా దారాల వరుసలో ఉంది. ఇక్కడ చారలన్నీ సమానం కావు. ఉదాహరణకు 24 ఎరుపు, 12 ఆకుపచ్చ, 4 నలుపు దారాలు వేసి, చివరి రంగు దగ్గరనుంచి వచ్చిన దారినే వెనక్కి తిరుగుతారు. మళ్ళీ ఆకుపచ్చ, మళ్ళీ ఎరుపు. ఈ వరుసను సెట్ అంటారు. సాధారణంగా పడుగులో ఉన్న సెట్టే పేకలోనూ ఉంటుంది. అందుకే గుడ్డను పక్కకు తిప్పి చూసినా అదే గడి. మూడు రంగుల దారాలకు మూడు నిండు ఛాయలు, మూడు కలగలుపు ఛాయలు కలిపి ఆరు కనిపిస్తాయి. కలగలుపు గడిలో సన్నని వాలు గీతలు కనబడితే అది టార్టన్ అనడానికి గట్టి గుర్తు.

బ్రిటన్ 1746లో చేసిన చట్టం హైలాండ్ పురుషుల సంప్రదాయ దుస్తులను నిషేధించింది. 1782లో దాన్ని రద్దు చేశారు. ఒక్కో వంశానికి ఒక్కో సెట్ అని స్థిరపడింది ఎక్కువగా ఆ తర్వాతే. మన చీరాల ప్రాంతంలో నేసి పశ్చిమ ఆఫ్రికాకు పంపిన మద్రాసు చేతిరుమాళ్ళలోనూ రంగురంగుల గళ్ళున్నాయి. కానీ అవి నూలు గుడ్డలు, సాదా నేతవి. వాలు గీత ఉండదు, కాబట్టి వాటిని టార్టన్ అనకూడదు.

హెరింగ్‌బోన్‌లో అసలు గడే లేదు. పడుగంతా ఒక రంగు, పేకంతా ఇంకో రంగు. ట్విల్ వాలు కొన్ని దారాల దూరం కుడికి పోయి, తర్వాత ఎడమకు తిరుగుతుంది. దాంతో నిలువు పట్టీలు పక్కపక్కన వస్తాయి, ఒకదాని గీతలు ఇటు, ఇంకోదానివి అటు. తిరిగేచోట దగ్గరగా చూడండి. గీతలు కొసకు కొస కలవవు. నేతలో అక్కడ ఒక తెంపు ఉంటుంది, ముదురు గీతకు ఎదురుగా లేత గీత వచ్చి ఆగుతుంది. కొసలు కలిసి పదునైన కోణం ఏర్పడితే అది షెవ్రాన్. తెంపు లేకుండా తిప్పితే మలుపు దగ్గర దారం రెండింటికి బదులు మూడు దారాల మీదుగా తేలుతుంది. తెంపు ఆ తేలుడును తప్పిస్తుంది. ఒకే రంగు దారంతో నేసినా వెలుతురు పడే తీరులో హెరింగ్‌బోన్ కనిపిస్తుంది.

పైస్లీ ఈ వరుసలో చేరదు. అది నేత పేరు కాదు, బొమ్మ పేరు. అడుగు గుండ్రంగా, పైకొస ఒక పక్కకు వంగి, లోపల పూలూ తీగలూ నిండిన ఆకారం. మనకు అది మామిడి పిందె. కొస వంగకుండా నిటారుగా ఉంటే అది ఉత్త చుక్క బొమ్మే. పర్షియా, కాశ్మీర్ శాలువాల మీదినుంచి అది యూరప్‌కు వెళ్ళింది. వాటిని అనుకరించి 19వ శతాబ్దంలో స్కాట్లాండ్‌లోని పైస్లీ ఊళ్ళో నేసిన శాలువాల వల్ల ఆ పేరు నిలిచింది. దాన్ని మగ్గం మీద నేయవచ్చు, అద్దకంతో వేయవచ్చు, కుట్టవచ్చు. కాబట్టి ‘పైస్లీ’ అని ఆగితే వర్ణన పూర్తి కాదు. ‘ఎర్ర నూలు మీద పైస్లీ అద్దకం’ అనాలి, లేదా ‘జరీతో నేసిన పిందెల అంచు’ అనాలి.

గళ్ళ విషయంలోనూ ప్రింటు ఒక చిక్కు తెస్తుంది. పై నాలుగింటినీ ఇప్పుడు గుడ్డ మీద అచ్చు వేసి అమ్ముతున్నారు. గుడ్డను తిరగేస్తే అచ్చు రంగు సాధారణంగా వెలిసినట్టు కనిపిస్తుంది. గడి గీత దారం వెంట పోకుండా కాస్త వంకరగా దాటుతుంది. జింగమ్ మధ్య ఛాయలో చుక్కలకు బదులు ఒకే లేత రంగు పూసినట్టుంటుంది. అలాంటి దాన్ని ‘జింగమ్ ప్రింటు’ అనడమే సరైనది.

దర్జీకి చెప్పినా, ఆన్‌లైన్‌లో రాసినా రంగు, నేత, ఆకారం, పరిమాణం వరుసగా చెబితే చాలు. ‘నీలం తెలుపు, సాదా నేత, సమాన గడులు, గడి సుమారు అర సెంటీమీటర్’ అంటే జింగమ్ తప్ప ఇంకొకటి రాదు. ‘బూడిద, నలుపు, ఉన్ని ట్విల్, తెంపుతో తిరిగే వాలు పట్టీలు, పట్టీ వెడల్పు ఒక సెంటీమీటర్’ అంటే హెరింగ్‌బోన్ కోటు గుడ్డే చేతికి వస్తుంది.