గుండ్రటి పాదం మీద చతురస్రాలు నిలబెడితే

ఒక కాగితం మీద 6 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా దాని లోపల పక్కపక్కనే నిలువు గీతలు గీసుకుంటూ పొండి. వృత్తాన్ని ఒక చివర నుంచి మరో చివరకు దాటే ఈ గీతలనే జ్యాలు అంటాం. అంచుల దగ్గర ఇవి పొట్టిగా ఉంటాయి, నట్టనడుమ 12 సెం.మీ. ఉంటాయి. ఇప్పుడు ప్రతి గీత మీదా, ఆ గీత పొడవే భుజంగా, ఒక్కో చతురస్రం కాగితం మీద నిట్టనిలువుగా లేచిందనుకుందాం. ఆ చతురస్రాలన్నీ ఒరుసుకుని నిలబడితే ఒక ఘనాకృతి తయారవుతుంది. దాని ఘనపరిమాణం ఎంత?

ఈ ఆకృతికి గోళమనో శంకువనో చెప్పుకునే పేరు లేదు. పైనుంచి చూస్తే నిండు వృత్తం. చతురస్రాలకు ఎదురుగా నిలబడి చూస్తే 12 సెం.మీ. చతురస్రం. పక్కకు తిరిగి జ్యాల వెంట చూస్తే, 12 సెం.మీ. వెడల్పు, అంతే ఎత్తు ఉన్న కోలకమాను. పాఠ్యపుస్తకం చివరి పట్టికలో దీనికి సూత్రం దొరకదు. అయినా దీన్ని ఎక్కడ కోసినా ఏ ఆకారం బయటపడుతుందో మనకు ముందే తెలుసు. లెక్క తేలడానికి అదొక్కటే చాలు.

ముందు చేత్తో చేసి చూద్దాం. 1 సెం.మీ. మందం ఉన్న థర్మోకోల్ షీట్ నుంచి 12 చతురస్రపు పలకలు కోయాలి. ఒక్కో పలక భుజం ఎంత ఉండాలో పైథాగరస్ సిద్ధాంతమే చెబుతుంది. కేంద్రం నుంచి x దూరంలో ఉన్న జ్యాలో సగం పొడవు √(36 − x²). కాబట్టి పూర్తి పొడవు 2√(36 − x²), దాని మీద లేచిన చతురస్రం వైశాల్యం 4(36 − x²). మధ్య గీతకు కుడివైపున మొదటి పలక నడిమి భాగం కేంద్రానికి అర సెంటీమీటరు దూరంలో ఉంటుంది. దాని వైశాల్యం 143 చదరపు సెం.మీ., భుజం సుమారు 11.96 సెం.మీ. ఆ తర్వాతి పలకల వైశాల్యాలు 135, 119, 95, 63, 23. చివరి పలక భుజం 4.8 సెం.మీ. మాత్రమే. పలకలు మొదట్లో నెమ్మదిగా, అంచుకు చేరేకొద్దీ గబగబా చిన్నవైపోవడం ఈ వరసలోనే కనిపిస్తుంది. ఈ ఆరూ కలిపితే 578. ఎడమవైపునా అంతే. పలకల మందం 1 సెం.మీ. కనుక మొత్తం 1156 ఘన సెం.మీ.

పలకలతో కట్టిన బొమ్మ మెట్లుమెట్లుగా ఉంటుంది కాబట్టి ఇది అంచనా మాత్రమే. పలకల మందం సగానికి తగ్గించి 24 పలకలు పేర్చితే మొత్తం 1153 వస్తుంది. పలకలు ఇంకా పలచనయ్యేకొద్దీ మెట్లు కరిగిపోతాయి, మొత్తం ఒక సంఖ్య దగ్గర కుదురుకుంటుంది. ఆ చివరి సంఖ్యను ఒక్క అడుగులో పట్టుకునే పనిముట్టే సమాకలనం. ఇంటర్‌లో వక్రరేఖ కింది వైశాల్యానికి వాడేదీ అదే. అక్కడ సన్నని గీతల పొడవులను కూడతాం, ఇక్కడ సన్నని పలకల వైశాల్యాలను కూడతాం. x విలువ −6 నుంచి 6 దాకా మారుతుండగా (36 − x²)ను సమాకలనం చేస్తే 288 వస్తుంది. దాన్ని 4తో గుణిస్తే 1152 ఘన సెం.మీ.

ఆ 288ని గుర్తుపెట్టుకోండి. పాదం ఈ వృత్తమే అయినంత కాలం అది మారదు. చతురస్రాలకు బదులు, జ్యాయే వ్యాసంగా అర్ధవృత్తాలు నిలబెడితే 4 స్థానంలో π/2 వస్తుంది. ఘనపరిమాణం 144π, అంటే దాదాపు 452. అది సరిగ్గా 6 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న అర్ధగోళం ఘనపరిమాణమే, ఎందుకంటే అలా నిలబడిన అర్ధవృత్తాలతో అయ్యేది అర్ధగోళమే. సమబాహు త్రిభుజాలు నిలబెడితే గుణకం √3, జవాబు సుమారు 499.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం చతురస్రాల జవాబే. పాదం వృత్తం, గోడ గుండ్రన, కప్పు వంపు. అయినా 1152లో π జాడే లేదు. పైగా 12 సెం.మీ. భుజం ఉన్న ఘనం ఘనపరిమాణం 1728. దానిలో సరిగ్గా మూడింట రెండు వంతులు 1152.

ఈ మూడింట రెండు వంతులు క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే ఆర్కిమెడిస్‌కు తెలుసు. ఎరటోస్తనీస్‌కు రాసిన ఒక గ్రంథంలో, సమాన వ్యాసాలున్న రెండు స్తూపాలు లంబంగా ఒకదాన్నొకటి దూసుకుపోతే రెండింటికీ ఉమ్మడిగా ఉండే భాగం, చుట్టూ ఉన్న ఘనంలో మూడింట రెండు వంతులని చెప్పాడు. వంపు తిరిగిన ఆకృతి చదునైన ముఖాలున్న ఆకృతితో ఇలా తూగడం కొత్త సంగతి అని ఆయనే ఎత్తి చూపాడు. మధ్యయుగంలో ఆ తోలు పుటల మీది రాతను చెరిపేసి పైన ప్రార్థనలు రాశారు. 1906లో కాన్‌స్టాంటినోపుల్‌లో హైబర్గ్ అనే డేనిష్ పండితుడు ఆ కింది రాతను గుర్తుపట్టి చదివాడు.

స్తూపాల ఉమ్మడి భాగాన్ని కోస్తే బయటపడేవి మన చతురస్రాలే. తేడా ఒక్కటే, అక్కడ అవి మధ్యలో వేలాడుతుంటాయి, ఇక్కడ నేల మీద నిలబడ్డాయి. పేకముక్కల దొంతరను పక్కకు తోస్తే ఆకారం మారుతుంది గానీ కాగితం పెరగదు. ప్రతి ఎత్తులోనూ అడ్డుకోతల వైశాల్యాలు సమానమైతే ఘనపరిమాణాలూ సమానమే. ఇటలీలో కావలియెరీ 1635లో అచ్చువేసిన ఈ సూత్రాన్ని, అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే చైనాలో జు గెంగ్ వాడి, ఇదే జంట స్తూపాల ఆకృతి నుంచి గోళం ఘనపరిమాణాన్ని రాబట్టాడు.

అమెరికాలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాల్క్యులస్ చదివే మన పిల్లలకు ఈ లెక్కలు సిలబస్‌లోనే ఉన్నాయి. అర్ధవృత్తాల దగ్గర తరచూ జరిగే పొరపాటు జ్యా మొత్తాన్నీ వ్యాసార్ధంగా తీసుకోవడం. అప్పుడు జవాబు నాలుగింతలై దాదాపు 1810 వస్తుంది. తప్పని కనిపెట్టడం తేలిక. ఆ ఆకృతి 12 సెం.మీ. పొడవు, 12 వెడల్పు, 6 ఎత్తు ఉన్న పెట్టెలో పట్టాలి. ఆ పెట్టే 864 ఘన సెం.మీ. మించదు.

రెండో పొరపాటును వృత్తం దాచిపెడుతుంది. దాన్ని ఏ దిక్కున కోసినా ఒకటే. పాదం y = x² పరావలయానికీ y = 4 గీతకూ మధ్య ఉన్న ప్రాంతమైతే అలా కుదరదు. నిలువు గీతల మీద చతురస్రాలు లేపితే భుజం 4 − x². దాని వర్గాన్ని −2 నుంచి 2 దాకా కూడితే 512/15, అంటే సుమారు 34.13. అడ్డగీతల మీద లేపితే భుజం 2√y, వైశాల్యం 4y. y విలువ 0 నుంచి 4 దాకా కూడితే సరిగ్గా 32. పాదం అదే, నిలబెట్టినవీ చతురస్రాలే, అయినా ఇవి రెండు వేర్వేరు ఆకృతులు. అందుకే అడ్డుకోతలు ఏ అక్షానికి లంబంగా ఉన్నాయో ప్రశ్నలో చెప్పకపోతే లెక్క మొదలుపెట్టడానికే వీల్లేదు.