కండరంలో క్రియాటిన్: నిండడానికి వారం, తగ్గడానికి నెల

క్రియాటిన్ పౌడర్ డబ్బా కొన్నవాళ్లకు దాని మీద రాసి ఉండే సూచన గుర్తుండే ఉంటుంది. మొదటి ఐదారు రోజులు రోజుకు 20 గ్రాములు, నాలుగు విడతలుగా. ఆ తర్వాత రోజుకు మూడు నుంచి ఐదు గ్రాములు. జిమ్ భాషలో మొదటి దశకు లోడింగ్ అని పేరు. ఈ లెక్క పౌడర్ అమ్మేవాళ్లు ఊహించి వేసింది కాదు. 1990లలో స్వీడన్, ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు కొందరు ఆరోగ్యవంతుల తొడల నుంచి సూదితో చిన్న కండర ముక్కలు తీసి, వాటిలో క్రియాటిన్ ఎంతుందో కొలిచి చెప్పిన లెక్క ఇది. ఆ కొలతలు వివరంగా చూస్తే డబ్బా మీద రాయని సంగతి ఒకటి తెలుస్తుంది. కండరంలోకి క్రియాటిన్ చేరే వేగం మనం తాగే మోతాదును బట్టి మారుతుంది. బయటికి పోయే వేగం మాత్రం దాదాపు మన చేతిలో లేదు.

కండరాన్నే ఎందుకు తియ్యాలి, రక్తం చాలదా? చాలదు. ఐదు గ్రాములు తాగిన గంటకు రక్తంలో క్రియాటిన్ బాగా పెరుగుతుంది, కొన్ని గంటల్లోనే మళ్లీ పడిపోతుంది. అందులో ఎంత కండరంలోకి వెళ్లింది, ఎంత మూత్రంలో పోయింది అన్నది రక్త పరీక్ష చెప్పలేదు. శరీరంలోని క్రియాటిన్‌లో 95 శాతం దాకా ఉండేది కండరాల్లోనే. కాబట్టి ముక్క తీసి చూడాల్సిందే.

ఆ ముక్క తీసే సూది స్వీడన్ వైద్యుడు యోనాస్ బెర్గ్‌స్ట్రామ్ పేరు మీద చలామణీలో ఉంది. 1962లో ఆయన దాన్ని వాడుకలోకి తెచ్చారు. తొడ ముందు భాగంలో బయటి వైపు ఉండే పెద్ద కండరం దీనికి అనువు. చర్మానికీ, దాని కింద కండరాన్ని చుట్టి ఉండే గట్టి పొరకూ మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. అర సెంటీమీటరు గాటు పెడతారు. లోపల బోలుగా, పక్కన చిన్న కిటికీ ఉన్న సూదిని దించుతారు. ఆ కిటికీలోకి కండరం ఉబికి వస్తుంది, లోపలి కత్తి జారి దాన్ని కోస్తుంది. తొడలో గట్టిగా అదిమినట్టు ఉంటుందట, కోసిన నొప్పి పెద్దగా తెలియదట. బియ్యపు గింజకు కాస్త అటూ ఇటూగా ఉండే ఆ ముక్కను సెకన్లలో ద్రవ నైట్రోజన్‌లో ముంచి గడ్డకట్టిస్తారు. ఆలస్యమైతే అందులోని ఫాస్ఫోక్రియాటిన్ విడిపోవడం మొదలవుతుంది. తర్వాత తేమంతా పోయేలా ఎండబెట్టి, రక్తపు మరకలూ, కొవ్వూ, నారపోగులూ ఏరేసి, పొడి చేసి కొలుస్తారు. కండరంలో నీటి పాళ్లు మారుతుంటాయి కనుక ఫలితాన్ని ఎండిన కండరం కిలోకు ఇన్ని మిల్లీమోల్‌లు అని చెబుతారు. మామూలు మనిషిలో ఆ అంకె 120 చుట్టుపక్కల ఉంటుంది.

1992లో రోజర్ హారిస్, కరిన్ సోడర్‌లుండ్, ఎరిక్ హల్ట్‌మన్ 17 మంది మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. ఐదేసి గ్రాముల క్రియాటిన్‌ను రోజుకు నాలుగు నుంచి ఆరు సార్లు, కనీసం రెండు రోజులు ఇచ్చారు. కొందరికి అంతకంటే ఎక్కువ రోజులు ఇచ్చారు. ఐదు గ్రాములంటే సుమారు కిలో పచ్చి మాంసంలో ఉండేంత. కండరంలోని మొత్తం క్రియాటిన్ సగటున దాదాపు 127 నుంచి 149కి పెరిగింది. అంతకంటే ముఖ్యమైనది ఆ పెరుగుదల ఎప్పుడు జరిగిందన్నది. ఎక్కువ భాగం మొదటి రెండు రోజుల్లోనే లోపలికి వెళ్లిపోయింది. మూత్రం లెక్కలు ఇంకో వైపు నుంచి అదే కథ చెప్పాయి. తాగినదాంట్లో మొదటి రోజు 40 శాతం మూత్రంలో పోయింది. రెండో రోజు 61 శాతం, మూడో రోజు 68 శాతం. రోజుకు 20 గ్రాములు తాగే మనిషికి ఈ శాతాలు వర్తింపజేస్తే మొదటి రోజు ఎనిమిది గ్రాములు, మూడో రోజు పదమూడు గ్రాములకు పైగా వృథా. ఇంటి మీద ట్యాంకు నిండాక మోటారు ఆపకపోతే నీళ్లు పొంగి పోయినట్టే అదంతా కిడ్నీల దారిన పోయింది.

ఆ అధ్యయనంలోనే ఇంకో ప్రయోగం ఉంది, నాకు అన్నిటికంటే బాగా నచ్చింది అదే. కొంతమంది రోజుకు గంటసేపు ఒక్క కాలుతోనే సైకిల్ తొక్కారు. రెండో కాలు ఖాళీ. తిండీ, పౌడరూ, రక్తమూ రెండు కాళ్లకూ ఒకటే. ఖాళీ కాలిలో క్రియాటిన్ 118 నుంచి 148కి చేరితే, తొక్కిన కాలు 162 దాకా వెళ్లింది. పని చేసే కండరం ఎక్కువ లాక్కుంటుందని ఇంతకంటే శుభ్రంగా చూపించే దారి లేదు. ఒకే మనిషిలో రెండు కాళ్లు పోల్చారు కనుక మనిషికీ మనిషికీ ఉండే తేడాలన్నీ పక్కకు తప్పుకున్నాయి.

లోడింగ్ తప్పనిసరా అన్న ప్రశ్నకు జవాబు 1996లో వచ్చింది. హల్ట్‌మన్, సోడర్‌లుండ్, ఇంగ్లండ్‌కు చెందిన పాల్ గ్రీన్‌హాఫ్, వారి సహచరులు కలిసి 31 మంది మగవాళ్లను తీసుకుని వేర్వేరు మోతాదులు ఇచ్చారు. రోజుకు 20 గ్రాములు తాగినవాళ్లకు ఆరు రోజుల్లో కండరంలోని క్రియాటిన్ సుమారు 20 శాతం పెరిగింది. లోడింగే లేకుండా రోజుకు మూడు గ్రాములు మాత్రమే తాగినవాళ్లు కూడా 28 రోజులకు దాదాపు అదే 20 శాతానికి చేరారు.

ఈ రెండిటి ఖర్చు లెక్క వేద్దాం. 70 కిలోల మనిషి ఒంట్లో క్రియాటిన్ మొత్తం సుమారు 120 గ్రాములు. 20 శాతం పెరగడమంటే 24 గ్రాములు చేరడం. లోడింగ్ దారిలో ఆరు రోజులకు తాగింది కూడా 120 గ్రాములు. అంటే ఐదో వంతు నిలిచింది, మిగతాది చాలావరకు మూత్రంలో పోయింది. నెమ్మది దారిలో 28 రోజులకు తాగింది 84 గ్రాములు, నిలిచింది అంతే. పోటీ పది రోజుల్లో ఉన్నవాడికి లోడింగ్‌లో అర్థం ఉంది. మిగతావాళ్లకు దాని వల్ల ఆదా అయ్యేది మూడు వారాలే. అందుకు కొందరు కడుపు ఉబ్బరం, విరేచనాలు కూడా భరించాల్సి వస్తుంది.

ఇక తగ్గడం సంగతి. కండరంలో ఉన్న క్రియాటిన్‌లో రోజుకు సుమారు 1.7 శాతం తనంతట తానే క్రియాటినిన్‌గా మారిపోతుంది. దీనికి ఎంజైమ్ అక్కర్లేదు, మళ్లీ వెనక్కి మారడం ఉండదు. క్రియాటినిన్ కండరం దాటి రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి వెళ్తుంది. 120 గ్రాములున్న మనిషికి రోజుకు సుమారు రెండు గ్రాముల నష్టం. మాంసాహారులకు దాంట్లో సగం తిండి నుంచి వస్తుంది, మిగతా సగం శరీరమే తయారు చేసుకుంటుంది. నిల్వ 144 గ్రాములకు పెరిగాక నష్టం రోజుకు 2.4 గ్రాములు. అంటే నిండిన కండరాన్ని అలాగే ఉంచడానికి మామూలు కంటే అదనంగా కావలసింది అర గ్రాము కూడా కాదు. 1996 అధ్యయనంలో లోడింగ్ తర్వాత రోజుకు రెండు గ్రాములు మాత్రమే కొనసాగించినవాళ్లకు నెల తర్వాత కూడా నిల్వ తగ్గకపోవడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది.

లోడింగ్ చేసి పూర్తిగా ఆపేసినవాళ్లకు క్రియాటిన్ మెల్లమెల్లగా తగ్గింది. ఆపిన 30 రోజులకు మొదటి అంకెకు తేడా కనిపించలేదు. ఆ నెల రోజులూ మూత్రంలో క్రియాటినిన్ తదనుగుణంగా ఎక్కువగా ఉంది. అంటే నిల్వ పోయిన దారి కూడా దొరికింది.

కానీ ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. పౌడర్ ఆపిన రోజు నుంచే తిండి, సొంత తయారీ ఎప్పటిలా రోజుకు రెండు గ్రాములు ఇస్తూ ఉంటే, 1.7 శాతం లెక్కన అదనపు నిల్వలో సగం పోవడానికే 40 రోజులు పడుతుంది. నెలకు ఇంకా 60 శాతం మిగిలి ఉండాలి. బయటి నుంచి గానీ లోపలి నుంచి గానీ చుక్క కూడా రాకపోతే పదకొండు రోజుల్లోనే పాత అంకెకు పడిపోవాలి. ముక్కలు చెప్పిన నెల రోజులు ఈ రెండిటి మధ్యలో పడ్డాయి. పౌడర్ తాగుతున్నంత కాలం శరీరం సొంత తయారీ తగ్గించుకుంటుంది, ఆపగానే పూర్తిగా అందుకోకపోవచ్చు. అది ఒక కారణం కావచ్చు. ఇంకొకటి కొలతకు సంబంధించినది. 31 మందిని వేర్వేరు మోతాదులకు పంచితే ఒక్కో వర్గానికి మిగిలేది కొద్దిమందే. అంత తక్కువ మందిలో తేడా కనిపించలేదంటే తేడా లేదని అర్థం కాదు, చిన్న తేడా ఉన్నా ఈ కొలతకు చిక్కదని అర్థం. అందుకే సరిగ్గా 30 రోజులని గిరి గీయడం కంటే నాలుగు వారాలు, కొందరిలో ఇంకాస్త ఎక్కువ అనుకోవడం న్యాయం.

సగటు అంకెలు దాచే ఇంకో సంగతి, మనుషుల మధ్య తేడా. 1992 అధ్యయనంలో మొదట తక్కువ ఉన్నవాళ్లకే ఎక్కువ చేరింది. ముందే నిండుగా ఉన్నవాళ్లకు పెద్దగా చేరలేదు, 155, 160 దగ్గర దాదాపు అందరికీ ఆగిపోయింది. తర్వాతి బయాప్సీ అధ్యయనాల్లో శాకాహారుల కండరంలో మొదట క్రియాటిన్ తక్కువగా ఉందనీ, పౌడర్ ఇస్తే వాళ్లలోనే ఎక్కువ పెరిగిందనీ తేలింది. మాంసం, చేపలు ముట్టని మన ఇళ్లలోని కుర్రాళ్లకు ఇది వర్తించే మాటే. ఒకే డబ్బా పౌడర్ ఇద్దరు స్నేహితులు పంచుకుని తాగితే ఒకడికి ఫలితం కనిపించి, ఇంకొకడికి కనిపించకపోవడానికి నకిలీ సరుకే కారణం కానక్కర్లేదు. రెండో వాడి కండరం మొదటి నుంచే నిండి ఉండొచ్చు.

తగ్గడానికి నెల పడుతుందన్న సంగతి డాక్టరు గదిలో కూడా పనికొస్తుంది. కిడ్నీల పనితీరు చూడటానికి మామూలుగా రాసే పరీక్ష సీరం క్రియాటినిన్. నిల్వ ఐదో వంతు పెరిగితే దాని నుంచి పుట్టే క్రియాటినిన్ కూడా అంతే పెరుగుతుంది. కిడ్నీలు బాగానే ఉన్నా రిపోర్టులో అంకె గీత దాటొచ్చు. పరీక్షకు రెండు రోజుల ముందు పౌడర్ ఆపితే సరిపోతుందని జిమ్‌లో ఒకరికొకరు చెప్పుకుంటుంటారు. రక్తంలో తేలుతున్న క్రియాటిన్ ఆ రెండు రోజుల్లో పోతుంది, నిజమే. కండరంలో పేరుకున్నది ఎక్కడికీ పోదు, రోజూ అదనంగా క్రియాటినిన్ ఇస్తూనే ఉంటుంది. నాలుగు వారాలు ఆగి పరీక్ష చేయించుకోవచ్చు. అంత ఆగే వీలు లేకపోతే కండరంలోని క్రియాటిన్‌తో సంబంధం లేని సిస్టాటిన్ సీ పరీక్ష అడగొచ్చు. ఏదైనా సరే, ఆ పౌడర్ ఎన్నాళ్లు తాగారో, ఏ తేదీన ఆపారో పరీక్ష రాసే డాక్టరుకు చెప్పాలి. మధుమేహం, రక్తపోటు ఉన్నవాళ్లయితే పౌడర్ మొదలుపెట్టే ముందే చెప్పాలి.