చేతులు మారే స్మార్ట్ బల్బు, ప్లగ్గు, డోర్‌బెల్

స్మార్ట్ బల్బునో, ప్లగ్గునో, డోర్‌బెల్‌నో ఇంకొకరికి ఇవ్వాలంటే రెండు వేర్వేరు పనులు చేయాలి. యాప్‌లోంచి తీసేయడం ఒకటి, వస్తువును రీసెట్ చేయడం రెండోది. ఒకటి చేస్తే రెండోది దానంతటదే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. కొన్ని వస్తువుల విషయంలో అది నిజమే, కొన్నింటిలో కాదు. పాత యజమాని ఆనవాళ్లు రెండు చోట్ల ఉండటమే దీనికి కారణం. వైఫై పేరు, పాస్‌వర్డ్ లాంటివి వస్తువులోని చిప్‌లో ఉంటాయి. ఆ వస్తువు ఎవరిదన్న సంగతి కంపెనీ సర్వర్‌లో, యజమాని ఖాతా కింద నమోదై ఉంటుంది. రీసెట్ మొదటిదాన్ని చెరిపేస్తుంది, యాప్‌లో తొలగింపు రెండోదాన్ని.

డాలస్ దగ్గరి ఫ్రిస్కో నుంచి ఒక తెలుగు కుటుంబం హైదరాబాద్‌కు తిరిగి వచ్చేస్తోందనుకుందాం. అమెరికా ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. అక్కడి 120 వోల్టుల బల్బులు ఇక్కడ పనికిరావు, ప్లగ్గుల పిన్నులు కూడా మన సాకెట్లలో పట్టవు. అందుకే సామాను సర్దేటప్పుడు వీటిని స్నేహితులకు ఇచ్చేస్తారు. ఈ ఇంట్లో ఉన్నవి బ్రిడ్జికి కలిపిన ఫిలిప్స్ హ్యూ బల్బులు, ఒక కాసా ప్లగ్గు, గుమ్మం దగ్గర రింగ్ డోర్‌బెల్. మూడింటి తీరూ మూడు రకాలు.

ముందు బల్బులు. బ్రిడ్జితో నడిచే హ్యూ బల్బుకు వైఫైతో పని లేదు. అది జిగ్‌బీ అనే వేరే రేడియో పద్ధతిలో బ్రిడ్జితో మాట్లాడుతుంది. కాబట్టి బల్బులో ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఉండదు, పాత బ్రిడ్జి ఇచ్చిన నెట్‌వర్క్ తాళం మాత్రం ఉంటుంది. హ్యూ యాప్‌లో ఆ బల్బును డిలీట్ చేస్తే, దాన్ని వదిలేయమని బ్రిడ్జి బల్బుకు కబురు పంపుతుంది. ఆ కబురు అందాలంటే బల్బుకు కరెంటు ఉండాలి. అసలు పొరపాటు జరిగేది ఇక్కడే. బల్బులన్నీ విప్పి అట్టపెట్టెలో సర్దేశాక తీరిగ్గా ఫోన్‌లో పేర్లు తీసేస్తారు. యాప్‌లో పేరు పోతుంది కానీ, పెట్టెలోని బల్బు తాను పాత బ్రిడ్జికే చెందినట్టు ఉండిపోతుంది. తీసుకున్నవాళ్లు బిగిస్తే మామూలు బల్బులా వెలుగుతుంది, వాళ్ల యాప్ ఎంత వెతికినా కనిపించదు. గోడ స్విచ్ ఎన్నిసార్లు వేసి ఆర్పినా ఈ బల్బు రీసెట్ కాదు.

అంతమాత్రాన బల్బు పాడైనట్టు కాదు. బల్బు మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన సీరియల్ నంబరు ఉంటుంది. కొత్త యజమాని తన యాప్‌లో బల్బును చేర్చేటప్పుడు ఆ నంబరు టైప్ చేస్తే పాత బంధం తెగి కొత్త బ్రిడ్జికి చేరుతుంది. హ్యూ డిమ్మర్ స్విచ్ ఉంటే దాన్ని వెలుగుతున్న బల్బుకు బాగా దగ్గరగా పెట్టి, ఆన్, ఆఫ్ బటన్లు రెండూ కలిపి పది సెకన్లు నొక్కి పట్టినా చాలు. ఈ అవస్థ రాకూడదంటే బల్బు వెలుగుతుండగానే యాప్‌లో డిలీట్ చేసి, ఆ తర్వాతే విప్పాలి. బ్రిడ్జిని కూడా ఇచ్చేస్తుంటే దాని రీసెట్ బల్బులన్నీ అయ్యాకే.

కాసా ప్లగ్గు నేరుగా వైఫైతో పనిచేస్తుంది కనుక పాస్‌వర్డ్ అందులోనే ఉంటుంది. యాప్‌లోంచి తీసేశాక, ప్లగ్గును సాకెట్‌లోనే ఉంచి దాని బటన్‌ను నొక్కి పట్టాలి. అయిదు సెకన్లకు లైటు కాషాయం, నీలం రంగుల్లో మారి మారి మెరుస్తుంది. చాలామంది అక్కడే వేలు తీసేస్తారు. అది వైఫై వివరాలను మార్చుకోవడానికి పెట్టిన సగం రీసెట్ మాత్రమే. టైమర్లు, ఇతర అమరికలు అలాగే ఉండిపోతాయి. తీసుకున్నవాళ్ల ఇంట్లో కాఫీ మేకర్ పొద్దున్నే తనంతట తాను వెలిగిందంటే ఇదే కారణం కావచ్చు. పది సెకన్లదాకా పట్టి ఉంచితే కాషాయ రంగు లైటు గబగబా మెరుస్తుంది. పూర్తి రీసెట్‌కు గుర్తు అదే. కాసా వైఫై బల్బులకు బటన్ ఉండదు కాబట్టి అదే తేడాను స్విచ్‌తో చూపిస్తారు: మూడుసార్లు వేసి ఆర్పితే సగం రీసెట్, అయిదుసార్లయితే పూర్తిది.

డోర్‌బెల్ సంగతి వేరు. రింగ్ డోర్‌బెల్‌ను ఎంతసేపు రీసెట్ చేసినా యజమాని మారడు, ఎందుకంటే ఆ నమోదు సర్వర్‌లో ఉంది. దొంగిలించినవాడికి అది ఉపయోగపడకుండా ఈ ఏర్పాటు. కానీ ప్రేమగా ఇచ్చిన స్నేహితుడికీ అదే అడ్డంకి అవుతుంది: పరికరం వేరొకరి ఖాతాలో ఉందని చెప్పి సెటప్ ఆగిపోతుంది. యాప్‌లో డోర్‌బెల్ సెట్టింగుల్లోకి వెళ్లి, General Settings కింద Remove This Device నొక్కాలి. ఈ పని అసలు యజమాని ఖాతా నుంచే అవుతుంది. భార్య ఖాతాలో నమోదై, భర్త ఫోన్‌కు షేర్ చేసి ఉంటే భర్త తొలగించలేడు. దాచుకోవాల్సిన వీడియోలుంటే అంతకుముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. వీడియోల కోసం నెలనెలా కట్టే చందాను కూడా విడిగా చూసి రద్దు చేసుకోవడం మంచిది. తీగలతో బిగించిన డోర్‌బెల్ అయితే బ్రేకర్ ఆపి విప్పాలి. దాని నక్షత్రం మూతి స్క్రూడ్రైవర్‌ను కూడా ఇచ్చేయాలి. సెటప్ కోడ్ స్టిక్కర్‌ను గీకేయకూడదు.

కంపెనీ యాప్‌ల పని అయ్యాక అలెక్సా, గూగుల్ హోమ్. అక్కడ మాత్రమే తీసేస్తే లాభం లేదు. కంపెనీ ఖాతాతో లంకె ఉన్నంతకాలం, మళ్లీ వెతికినప్పుడు అలెక్సా ఆ వస్తువును తిరిగి తెచ్చి పెడుతుంది. అందుకే వరుస ముందు కంపెనీ యాప్, తర్వాత ఇవి.

రీసెట్‌కూ హద్దులున్నాయి. 2019లో లిమిటెడ్ రిజల్ట్స్ పేరుతో పనిచేసే ఒక పరిశోధకుడు లిఫెక్స్ కంపెనీ వైఫై బల్బును కోసి చిప్‌ను చదివితే, పాస్‌వర్డ్ ఏ మరుగూ లేకుండా కనిపించింది. కరెంటే ఎక్కని చచ్చిన బల్బును రీసెట్ చేసే దారి లేదు, కానీ దాని చిప్‌లో సమాచారం మిగిలే ఉండొచ్చు. అలాంటిదాన్ని ఈ-వ్యర్థాల్లో వేసి, ఇంటి వైఫై పాస్‌వర్డ్ మార్చుకోవడమే మార్గం. ఇల్లు ఖాళీ చేసి ఆ కనెక్షన్ రద్దు చేసేవాళ్లకు ఆ బెడద లేదు. కానీ హైదరాబాద్‌లోనూ అదే పాస్‌వర్డ్ పెట్టుకుంటే బెడద వాళ్ల వెంటే వస్తుంది.

ఫ్రిస్కో కుటుంబం మర్చిపోకూడని సంగతి ఒకటుంది. డోర్‌బెల్‌ను ఖాతాలోంచి తీయడం హైదరాబాద్ నుంచి కూడా కుదురుతుంది. అయితే రింగ్ 2020 నుంచి లాగిన్‌కు రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. ఆ కోడ్ అమెరికా ఫోన్ నంబరుకు వచ్చేలా ఉండి, విమానం ఎక్కేముందు ఆ నంబరు రద్దు చేసుకుంటే లాగిన్ కావడమే కష్టమవుతుంది. కాబట్టి డోర్‌బెల్‌ను స్నేహితుడి ఫోన్‌లో ఒకసారి సెటప్ చేయించి చూశాకే ఆ నంబరును వదులుకోండి.